జర్మన్ ఏ1 పరీక్ష: ఆరు నెలల నా వారపు ప్రణాళిక

సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఎల్బీ నగర్ నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రోలో వినడం మాత్రమే. అమీర్‌పేటలో రైలు మారేలోపు ఒక సంభాషణ, మారాక మళ్లీ అదే.

రాత్రి 9:30కి అరగంట. సోమ, బుధ వ్యాకరణం. మంగళ, గురు పది కొత్త మాటలు. ఏ నామవాచకాన్నీ దాని లింగం తెలిపే మాట లేకుండా ఒంటరిగా రాయకూడదు: డెర్ టిష్, డీ లాంపె, డాస్ బుఖ్. బల్ల పుంలింగం, దీపం స్త్రీలింగం, పుస్తకం నపుంసకలింగం. తెలుగు లెక్కతో ఇది తేలదు, అందుకే మూడు రంగుల సిరా. శుక్రవారం రాత్రి విశ్రాంతి.

శనివారం ఉదయం రెండు గంటలు: 30 పదాల ఉత్తరం, ఇంటిపేరు అక్షరం అక్షరంగా పలకడం, ఫోను నంబరు చెప్పడం. 21ని జర్మన్‌లో ‘ఒకటీ ఇరవై’ అంటారు. అంకెలకే ఎక్కువ సమయం ఇవ్వాలి.

ఆదివారం వారంలో చేసిన తప్పులు దిద్దుకోవడం. ఐదో నెల నుంచి పూర్తి నమూనా పరీక్ష. ఉత్తీర్ణతకు 100కి 60 చాలు, నా గురి 80.