క్యాపెక్స్ కమిటీ డెక్: సిఫారసును స్లైడ్ 2కి ఎందుకు తెచ్చానంటే

టీమ్ అందరికీ,

షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్న, ఊళ్లోనే పాలు చల్లబరిచే బల్క్ మిల్క్ కూలర్లు అంటే బీఎంసీల డెక్ తెరిస్తే వరుస మొత్తం మారి కనిపిస్తుంది. 26 స్లైడ్ల డెక్‌లో 21వ స్లైడ్‌లో ఉన్న సిఫారసు ఇప్పుడు టైటిల్ తర్వాత వెంటనే వస్తుంది. మీరు చేసిన లెక్కల్లో ఒక్క అంకె కూడా మార్చలేదు. ఎందుకు మార్చానో, మీ స్లైడ్లు ఎక్కడికి వెళ్లాయో, శుక్రవారం (జనవరి 9) కమిటీ మీటింగ్ లోపు ఎవరేం చేయాలో కింద ఉంది.

పాత డెక్ మనం పని చేసిన వరుసలోనే నడిచింది. ముందు రూట్ సర్వే, తర్వాత క్యాన్లలో పాల ఉష్ణోగ్రతలు, మరిగిస్తే విరుగుతాయో లేదో చూసే సీఓబీ పరీక్షలో ఫెయిలైన పాల లెక్క, మూడు కంపెనీల కొటేషన్లు, ఆదా లెక్క, చివర్లో సిఫారసు. మనకు అది సహజమైన వరుసే. కమిటీలో కూర్చునే నలుగురికి మాత్రం తేల్చాల్సింది ఒక్కటే: 58 లక్షలు ఇవ్వాలా వద్దా. ఎంత, దేనికి, ఎప్పటికి తిరిగి వస్తుంది అన్నది తెలియకుండా ఉష్ణోగ్రతల గ్రాఫ్ చూపిస్తే, అందులో ఏం వెతకాలో వాళ్లకు తెలియదు. ప్రశ్నలన్నీ పక్కదారి పడతాయి. అక్టోబర్‌లో పెరుగు ప్యాకింగ్ లైన్ ప్రతిపాదనకు జరిగింది ఇదే. మూడో స్లైడ్‌లోని శాంపిల్ పద్ధతి మీదే పావుగంట చర్చ నడిచింది, డబ్బు అడిగే స్లైడ్ తెరిచేసరికి టైమ్ అయిపోయింది.

ఈసారి మనకు ఇచ్చింది 25 నిమిషాలు, అజెండాలో మూడో అంశం. ముందు రెండూ సాగితే మనకు పది నిమిషాలే మిగలొచ్చు. ఆ పదిలోనూ నిర్ణయం తీసుకునేలా డెక్ ఉండాలి. పైగా డైరెక్టర్లు ప్రీ-రీడ్ పీడీఎఫ్‌ను ఫోన్‌లోనే చూస్తారు. మొదటి రెండు మూడు పేజీలు దాటి వెళ్తారని నేను అనుకోను.

అన్నిటికంటే పెద్ద కారణం తేదీ. అది పాత డెక్‌లో 24వ స్లైడ్‌లో, ఒక పట్టిక అడుగున ఉంది. సప్లయర్ డెలివరీకి 8 వారాలు, సివిల్ పని ముగిశాక బిగించి ట్రయల్ తీయడానికి 3 వారాలు. త్రీ-ఫేజ్ కనెక్షన్ పని ఆ 8 వారాల్లోనే సమాంతరంగా నడవాలి. సంక్రాంతి సెలవుల ముందు, అంటే జనవరి 12న కొనుగోలు ఆర్డర్, అంటే పీఓ, వెళ్తే మార్చి 30కి కూలర్లు నడుస్తాయి. ఈ మీటింగ్ తప్పితే తర్వాతి కమిటీ ఏప్రిల్ 10న. అక్కణ్నుంచి 11 వారాలంటే జూన్ 26. వేసవి అయిపోతుంది, విరిగిన పాల నష్టం 8.3 లక్షలు ఈ ఏడు కూడా పూర్తిగా మనదే అవుతుంది. కమిటీ 'వచ్చేసారి చూద్దాం' అంటే దాని ఖరీదు ఎంతో ఆ మాట అనకముందే వాళ్లకు తెలియాలి. అందుకే ఇప్పుడిది స్లైడ్ 3.

స్లైడ్ 2లో ఉన్న మాటలు ఇవే. వీటిని ఎవరూ మార్చొద్దు:

"నిర్ణయం కావాలి: పొదిలి వైపు రూట్లలో 6 గ్రామాల్లో ఒక్కో 2,000 లీటర్ల బీఎంసీ పెట్టడానికి, పాత చిల్లింగ్ సెంటర్‌ను ఏప్రిల్ 15న మూయడానికి రూ.58 లక్షలు (జీఎస్టీతో కలిపి) మంజూరు చేయాలి. ఏటా రూ.26.6 లక్షల ఆదా. 26 నెలల్లో పెట్టుబడి తిరిగి వస్తుంది. రోజుకు వచ్చే పాలు 20 శాతం తగ్గినా 31 నెలలు. ఆర్డర్ జనవరి 12న వెళ్తేనే ఈ వేసవికి అందుతాయి."

పాత స్లైడ్ 21లో 'వికేంద్రీకృత శీతలీకరణ దిశగా అడుగులు వేయడం పరిశీలించవచ్చు' అని రాశాం. దానికి ఎవరైనా సరే అంటారు. ఆ సరేతో కొనుగోలు విభాగం పీఓ తీయలేదు. మొత్తం, తేదీ, మూసేది ఏది, పెట్టేది ఏది అన్నీ ఉంటేనే మినిట్స్‌లో రాసుకోవడానికి ఒక తీర్మానం దొరుకుతుంది.

మిగతా వరుస ఇలా ఉంది. 4లో సమస్య: మొదటి ఊళ్లో 5:30కి పోసిన పాలు సెంటర్‌కు 9:15కి చేరుతున్నాయి, అంటే 3 గంటల 45 నిమిషాలు చల్లదనం లేకుండా క్యాన్‌లో ఉంటున్నాయి. 5లో ఆదా, 6లో ఖర్చు, 7లో ఇబ్బందులు, 8లో మనం వద్దనుకున్న దారులు, 9లో ఎవరు ఏం ఎప్పటికి. ఇవి తొమ్మిదే మెయిన్ డెక్. 14 స్లైడ్లు బ్యాకప్‌కు వెళ్లాయి. నాలుగు తీసేశాను: కంపెనీ పరిచయం, దేశంలో పాడి రంగం, బీఎంసీ అంటే ఏమిటి, ధన్యవాదాలు. పాల వ్యాపారంలో ముప్పై ఏళ్లున్న వాళ్లకు బీఎంసీ అంటే ఏమిటో మనం చెప్పక్కర్లేదు.

రూట్ సర్వే చేసినవాళ్లకు తమ పని వెనక్కి నెట్టేశామని అనిపించవచ్చు. 11 స్లైడ్ల సర్వే మెయిన్ డెక్‌లో ఒక్కటయింది, నిజమే. కానీ ప్రశ్నలు ఎక్కువ వచ్చేది అక్కడే. సిఫారసు ముందే చెప్పేశాం కాబట్టి 'ఈ అంకె ఎక్కడిది?' అని సూటిగా అడుగుతారు, ఆ జవాబు బ్యాకప్‌లోని సర్వేలోనే ఉంది. అందుకే దాన్ని కత్తిరించలేదు, రూట్ల వారీగా అలాగే ఉంచాను.

హెడ్డింగులు కూడా మార్చాను. 'ఆదా విశ్లేషణ' బదులు 'ఏటా 26.6 లక్షల ఆదా, అందులో 16.1 లక్షలు వ్యాన్ కిరాయి నుంచే' అని ఉంటుంది. హెడ్డింగులు మాత్రమే వరుసగా చదివినా వాదన అర్థం కావాలి. మీ స్లైడ్‌లోని గ్రాఫ్ ఆ హెడ్డింగ్‌ను రుజువు చేయకపోతే, హెడ్డింగ్ సరిగా లేదో గ్రాఫ్ సరిగా లేదో నాకు చెప్పండి.

సిఫారసు ముందు పెడితే వచ్చే ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. మొదటిది, 'ముందే తేల్చుకుని వచ్చారు' అనిపించడం. అందుకే స్లైడ్ 8ను బ్యాకప్‌లోకి పోనివ్వలేదు. పాత సెంటర్‌లో అమ్మోనియా కంప్రెసర్ మార్చడానికి 22 లక్షలు చాలు, కానీ ఊరి నుంచి సెంటర్‌కు దూరం అలాగే ఉంటుంది, పాలు విరిగేది ఆ దారిలోనే. ఇన్సులేటెడ్ వ్యాన్ల మాట తప్పకుండా వస్తుంది. ఇన్సులేషన్ చల్లని పాలను చల్లగా ఉంచుతుంది, 35 డిగ్రీల పాలను 35 దగ్గరే ఉంచుతుంది, ఆ వేడిలో సూక్ష్మజీవులు పెరుగుతూనే పోతాయి. ఈ రెండు వాక్యాలూ చెప్పేవాళ్ల నోట్స్‌లో ఉండాలి.

రెండోది, స్లైడ్ 2 దగ్గరే ప్రశ్నలు మొదలవుతాయి. అలా మొదలైతే మంచిదే. 'అది తర్వాతి స్లైడ్‌లో వస్తుంది' అని మాత్రం ఎవరూ అనొద్దు. స్లైడ్ షోలో ఉండగా స్లైడ్ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికి వెళ్తుంది. బ్యాకప్ స్లైడ్ల నంబర్ల చిట్టీ ఒకటి ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. నాకు తెలిసి తప్పక వచ్చే ప్రశ్న: చలికాలంలో గేదె పాలు పెరిగి రోజుకు 13,500 లీటర్లు వస్తాయి, కూలర్ల సామర్థ్యం 12,000 కదా? జవాబు: ఆ నెలల్లో ట్యాంకర్ రోజుకు రెండుసార్లు వస్తుంది, ఆ కిరాయి ఆదా లెక్కలో ఇప్పటికే తీసేశాం. ఇది బ్యాకప్ 17లో ఉంది. రెండో ప్రశ్న కరెంటు పోతే ఏమిటని. ప్రతి కూలర్‌కూ డీజిల్ జనరేటర్ కొటేషన్‌లోనే కలిసి ఉంది, డీజిల్ ఖర్చు నడిపే ఖర్చు 26 లక్షల్లో ఉంది.

మూడోది అంకెలు. అసలు అంకె రెండో స్లైడ్‌కి వచ్చింది కాబట్టి తర్వాత ఎక్కడ తేడా కనిపించినా వెంటనే పట్టుకుంటారు. నిన్నటి వెర్షన్‌లో స్లైడ్ 6లో 57.9, స్లైడ్ 2లో 58 ఉన్నాయి. స్లైడ్ 18లో ఉన్న ధర జీఎస్టీ లేనిది, కానీ ఆ సంగతి అక్కడ రాయలేదు. అన్నిచోట్లా 58, జీఎస్టీతో కలిపి, అని పెట్టండి. ఆదాలో మూడు ముక్కలు, అంటే వ్యాన్ కిరాయి 16.1, విరిగిన పాలు 5.5, సెంటర్ నడిపే ఖర్చులో తేడా 5.0, కలిపితే 26.6 రావాలి. 5.5 ఎందుకు, 8.3 కాదా అంటే: వేసవి నష్టంలో మూడింట రెండు వంతులే తగ్గుతుందని లెక్క కట్టాం. కూలర్ దాకా వచ్చేలోపే పాడైన పాలను కూలర్ బాగుచేయలేదు. ఈ ఒక్క మాట పక్కనే రాస్తే మిగతా అంకెల మీదా నమ్మకం పెరుగుతుంది.

నాలుగోది నాకు అన్నిటికంటే ముఖ్యం. సెంటర్ మూసేస్తున్నాం అనే మాట ఇప్పుడు రెండో పేజీలో ఉంది. ఎవరైనా ఆ పీడీఎఫ్‌ను వాట్సాప్‌లో పంపితే గంటలో పొదిలి చేరుతుంది. అక్కడ పనిచేసే 11 మందికి ఆ సంగతి అలా తెలియకూడదు. హెచ్ఆర్ సోమవారం వెళ్లి వాళ్లతో మాట్లాడుతోంది. ఆరుగురిని బీఎంసీ ఆపరేటర్లుగా, ఐదుగురిని ఒంగోలు ప్లాంటుకు తీసుకోవాలన్నది ప్రతిపాదన, అది స్లైడ్ 7లో ఉంది. ఆ మాటలు అయ్యేవరకు డెక్ ఈ టీమ్ దాటి బయటకు పోకూడదు.

ఇంకో విషయం. ఈ వరుస కమిటీకే. వచ్చే నెల పాల సేకరణ ఏజెంట్లతో మాట్లాడేటప్పుడు ఇదే డెక్ తీసుకెళ్లొద్దు. వాళ్లు మంజూరు చేసేవాళ్లు కాదు, దీనివల్ల వాళ్ల కమిషన్ మారుతుందా అని భయపడేవాళ్లు. అక్కడ ముందు వాళ్ల పాలు ఎన్ని తిరస్కరణకు గురవుతున్నాయో చెప్పి మాట మొదలుపెట్టాలి.

పనులు: ఫైనాన్స్ నుంచి వచ్చిన ఇద్దరూ స్లైడ్ 2, 5, 6, 18 అంకెలను ఎక్సెల్‌తో సరిచూసి శనివారం సాయంత్రానికి నాకు చెప్పండి. సర్వే బృందం బ్యాకప్‌లో ప్రతి గ్రాఫ్ కింద ఏ నెల, ఏ రూట్, ఎన్ని శాంపిళ్లు అన్నది ఒక్క వరుసలో రాయండి. కొనుగోలు విభాగం 8 వారాల డెలివరీ మాటను సప్లయర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. అది లేకపోతే స్లైడ్ 3 నిలబడదు. సోమవారం 4 గంటలకు రిహార్సల్: ఒకసారి 25 నిమిషాల్లో, ఒకసారి 10 నిమిషాల్లో. పది నిమిషాల వెర్షన్‌లో 2, 3, 8, 9 మాత్రమే. ప్రీ-రీడ్ మంగళవారం ఉదయం, హెచ్ఆర్ నుంచి సరే అన్న మాట వచ్చాక, నేనే పంపుతాను. ఫైల్ పేరులో తేదీ ఉన్నదే చివరి వెర్షన్, పాతవన్నీ ఆర్కైవ్ ఫోల్డర్‌లోకి పంపేశాను.

వరుస మీద అభ్యంతరం ఉంటే రిహార్సల్‌లోనే చెప్పండి. మంగళవారం తర్వాత మార్చను.