విషయం: కామన్ ఎమిటర్ ఆంప్లిఫయర్‌లో మిల్లర్ కెపాసిటెన్స్ గురించి సందేహం

గౌరవనీయులైన మేడమ్ గారికి,

నమస్కారం. నేను ఈసీఈ రెండో సంవత్సరం, బి సెక్షన్ శ్రావణిని. మీరు ఇంటికి ఇచ్చిన కామన్ ఎమిటర్ లెక్క చేస్తుంటే మిల్లర్ ఎఫెక్ట్ దగ్గర చిక్కు పడింది.

కలెక్టర్ కరెంట్ 1 మిల్లీయాంప్, లోడ్ 2.5 కిలో ఓమ్‌లు కాబట్టి గెయిన్ -100. బేస్, కలెక్టర్ మధ్య కెపాసిటెన్స్ 4 పికోఫారడ్లే. బేస్ 1 మిల్లీవోల్ట్ పెరిగితే కలెక్టర్ 100 మిల్లీవోల్ట్లు పడిపోతుంది. అంటే కెపాసిటర్ రెండు కొసల మధ్య తేడా 101 మిల్లీవోల్ట్లు మారుతుంది, కరెంటు కూడా 101 రెట్లు లాగుతుంది. అందుకే సోర్స్ వైపు నుంచి చూస్తే అది 404 పికోఫారడ్లలా ఉంటుంది. ఇక్కడిదాకా నాకు అనుమానం లేదు. బేస్-ఎమిటర్ మధ్య ఉన్న 20 కలిపి, సోర్స్ 1 కిలో ఓమ్, బీటా 100తో చేస్తే కటాఫ్ సుమారు 526 కిలోహెర్ట్జ్ వచ్చింది.

మొదటి సందేహం: ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర గెయిన్ 70 శాతానికి పడిపోతుంది కదా. మరి 101 బదులు 71 పెట్టాలా? అలా పెడితే కటాఫ్ పైకి జరుగుతుంది, మళ్లీ గెయిన్ మారుతుంది, లెక్క తిరిగి మొదటికే వస్తుంది. ఆలోచిస్తే నాకు తట్టింది ఇది: ఫార్ములాలోని గెయిన్ Vc/Vb, అంతేగానీ Vc/Vs కాదు. 526 దగ్గర తగ్గేది Vb/Vs మాత్రమే, కలెక్టర్ ఇంకా బేస్‌కి వంద రెట్లే ఇస్తోంది. ఇది సరైనదేనా మేడమ్?

అసలు తలనొప్పి రెండోది. అదే పద్ధతిలో అవుట్‌పుట్ వైపు 4.04 పికోఫారడ్లు పెడితే రెండో పోల్ 16 మెగాహెర్ట్జ్ దగ్గర రావాలి. నోడల్ ఈక్వేషన్లు పూర్తిగా రాసి చూస్తే మొదటి పోల్ 509 కిలోహెర్ట్జ్ (దగ్గరగానే ఉంది), రెండోది మాత్రం సుమారు 350 మెగాహెర్ట్జ్! సిమ్యులేషన్‌లోనూ 16 దగ్గర వంపు అన్నదే లేదు. ఒకే కెపాసిటర్‌ని రెండుగా విడగొట్టాం, ఒక ముక్క సరిగ్గా చెప్పి రెండోది ఇరవై రెట్లు తప్పు చెప్పడం ఏమిటో అంతుబట్టలేదు.

16 మెగాహెర్ట్జ్ దగ్గర Vc/Vb తగ్గడం నిజమేనని ఈక్వేషన్ చెబుతోంది. కానీ గెయిన్ తగ్గితే బేస్ దగ్గరి 404 కూడా దానితోపాటే చిన్నదవుతుంది, Vb కాస్త నిలదొక్కుకుంటుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయా? అదే నిజమైతే అవుట్‌పుట్ పోల్‌కి మిల్లర్ పద్ధతి ఎప్పుడూ వాడకూడదా, లేక లోడ్ కెపాసిటెన్స్ పెద్దదిగా ఉంటే ఫరవాలేదా?

నోడల్ ఈక్వేషన్లు, సిమ్యులేషన్ గ్రాఫ్ జత చేశాను. శుక్రవారం ల్యాబ్ అయ్యాక మీకు ఓ పది నిమిషాలు వీలైతే వచ్చి కలుస్తాను.

మీ విద్యార్థిని,
శ్రావణి