కుటుంబ పరిష్కార ఒప్పంద పత్రం

2025 ఫిబ్రవరి 16న, కడప ఎర్రముక్కపల్లిలోని మా ఇంట్లో, కీ.శే. వెంకటసుబ్బయ్య గారి భార్య సుబ్బలక్ష్మమ్మ (71), పెద్ద కొడుకు రామ్మోహన్ (49), కూతురు పద్మావతి (46), చిన్న కొడుకు శ్రీనివాసులు (42) కలిసి ఇష్టపూర్వకంగా రాసుకున్న ఒప్పందం.

నాన్న 2023 నవంబరులో వీలునామా రాయకుండా కాలం చేశారు. మూడు సెంట్ల స్థలంలోని ఈ మిద్దె ఇల్లు ఆయన స్వార్జితం. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మా నలుగురికీ సమాన హక్కు ఉంది. పెళ్లప్పుడు పెట్టిన బంగారం వల్ల పద్మావతి వాటా తగ్గదు. ఆ మాట ఇకపై ఎవరమూ ఎత్తం.

ఇంటి ధర రూ.54 లక్షలుగా ఒప్పుకున్నాం. పై మిద్దెకు రామ్మోహన్ సొంతంగా పెట్టిన రూ.6 లక్షలు అతనికి పోను, మిగిలిన 48 లక్షల్లో ఒక్కొక్కరికి 12 లక్షలు వస్తుంది. పద్మావతి, శ్రీనివాసులు వాటాలను రామ్మోహన్ తీసుకుంటాడు. ఈరోజు ఇద్దరికీ చెరి రూ.2 లక్షలు బ్యాంకు ద్వారా ఇచ్చాడు, ముట్టినట్టు వారు ఒప్పుకున్నారు. మిగతా చెరి 10 లక్షలు 2025 ఆగస్టు 31లోపు ఇవ్వాలి. పూర్తి డబ్బు ముట్టిన రోజే ఇద్దరూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు రామ్మోహన్‌ది. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఎవరి హక్కు వారిదే, ఈ కాగితంతో మారదు.

గడువు దాటితే బాకీకి నూటికి నెలకు రూపాయి వడ్డీ. 2026 ఫిబ్రవరి 28కి కూడా తీరకపోతే, అదే ధరకు, అవే షరతులతో ఇల్లు కొనుక్కునే హక్కు శ్రీనివాసులుకు వస్తుంది. అప్పుడు రామ్మోహన్‌కు అతని వాటా, పై మిద్దె ఖర్చు, ముందు ఇచ్చిన 4 లక్షలు చేతికి రావాలి.

అమ్మ నాలుగో వాటా అమ్మ పేరునే ఉంటుంది. ఇల్లు ఎవరి చేతికి వచ్చినా, ఆమె బతికున్నంత కాలం కింది భాగంలో ఉంటుంది. కదలమని అడిగే హక్కు ఎవరికీ లేదు. తన వాటా మీద అప్పు తెమ్మని, సంతకం పెట్టమని ఆమెను బలవంతం చేయకూడదు. పై మిద్దె బాడుగ రూ.6,500, నాన్న ఫ్యామిలీ పెన్షన్, పోస్టాఫీసు డిపాజిట్ ఆమెవే. ఆసుపత్రి ఖర్చు వస్తే ముగ్గురం సమానంగా భరిస్తాం. ఆమె తదనంతరం, వేరే వీలునామా లేకపోతే, ఆ వాటా ముగ్గురికీ సమానం.

నాన్న సంవత్సరీకం ప్రతి ఏటా ఈ ఇంట్లోనే జరుగుతుంది. పద్మావతికి, పిల్లలకు ఇది ఎప్పటికీ పుట్టిల్లే.

పద్మావతి పంపిన లాయరు నోటీసు ఈరోజుతో వెనక్కి తీసుకున్నట్టే. ఈ షరతులు నెరవేరుతున్నంత వరకు ఎవరమూ దావా వేయం. తేడా వస్తే ముందు మేనమామ ముందు కూర్చుంటాం, తేలకపోతే లోక్ అదాలత్‌కు వెళ్తాం.

ఇల్లు ఉన్న హద్దులు: తూర్పున వీధి, పడమర ఖాళీ స్థలం, ఉత్తరాన చిన్నాన్న గారి ఇల్లు, దక్షిణాన సందు.

చదివి వినిపించగా అర్థం చేసుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా నాలుగు ప్రతుల మీద పిల్లలం ముగ్గురం సంతకాలు చేశాం. అమ్మ వేలిముద్ర వేసింది. మేనమామ, చిన్నాన్న సాక్షులుగా సంతకం చేశారు.