హాస్టల్ మెస్ టెండర్ ఫలితం – మీ బిడ్ గురించి

క్యాటరింగ్ సంస్థ యజమాని గారికి,

నమస్కారం. మా కాలేజీ హాస్టల్ మెస్ టెండర్‌లో పాల్గొన్నందుకు ధన్యవాదాలు. ఈసారి కాంట్రాక్టు మీకు ఇవ్వలేకపోతున్నామని తెలియజేయడానికి చింతిస్తున్నాం.

అందరికంటే తక్కువ రేటు మీదే, విద్యార్థికి రోజుకు ₹120. అందుకే ధర విభాగంలో 30కి 30 వచ్చాయి. ఎంపికైన సంస్థ రేటు ₹125, దానికి 28.8 వచ్చాయి. తేడా అంతా 70 మార్కుల సాంకేతిక విభాగంలో వచ్చింది. అందులో మీకు 49, వారికి 61. మొత్తం మీద మీకు 79, వారికి 89.8.

వంటగది పరిశీలనలో మీకు 20కి 11 వచ్చాయి. పచ్చి కూరగాయలు తరిగే బల్ల మీదే వండిన అన్నం గిన్నెలు కనిపించాయి. తాగునీటి పరీక్ష రిపోర్టు కూడా ఇవ్వలేదు. రోజూ పిల్లలు తినే చోట ఈ రెండింటినీ మేం తేలిగ్గా తీసుకోలేం. అనుభవానికి 25కి 15 వేశాం. 300 మందికి పైగా ఉన్న మెస్‌లు నడిపినట్టు మూడు సర్టిఫికెట్లు అడిగితే, మీరిచ్చిన వాటిలో రెండు పెళ్లి భోజనాలవి. సిబ్బంది విభాగంలో మాత్రం 25కి 23 తెచ్చుకున్నారు. మీ వంటవాళ్ల శుభ్రత, మాటతీరు కమిటీకి బాగా నచ్చాయి.

మీ ధరావతు ₹50,000 పదిహేను రోజుల్లో మీ బ్యాంకు ఖాతాకు జమ చేస్తాం. మార్కుల షీటు చూడాలనుకుంటే పనివేళల్లో ఆఫీసుకు రండి, దగ్గరుండి వివరిస్తాం. వచ్చే టెండర్‌లోనూ మీరు తప్పక పాల్గొనాలని కోరుతున్నాం.

ఇట్లు,
పరిపాలనాధికారి,
హాస్టల్ టెండర్ కమిటీ తరఫున