మౌమిత పెళ్లి కార్డులో ఏముందంటే

స్రవంతీ,

నీ స్నేహితురాలు మౌమిత బంగ్లా పెళ్లి కార్డుని ఫోటోలు తీసి పంపావు కదా, మూడూ చూశాను. మూడోదాంట్లో కింది మూల మసకగా ఉన్నా చదవగలిగాను. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్తే నీకు అర్థం కాదు, అందుకే కూర్చుని ఒకేసారి రాస్తున్నాను. ఖరగ్‌పూర్‌లో కాపురం పెట్టినప్పటి నుంచి ఇలాంటి కార్డులు మా ఇంటికి చాలా వచ్చాయి. ప్రతి పెళ్లికీ వెళ్లాను, అన్నీ ఇష్టంగా చూశాను.

అన్నిటికంటే ముందు తేదీ. "8న పెళ్లి, భోజనం రాత్రి 9కి" అని రాశావు. కాదమ్మా! బంగ్లా నాలుగు అచ్చం మన ఎనిమిదిలా కనిపిస్తుంది, బంగ్లా ఏడేమో తొమ్మిదిలా ఉంటుంది. కార్డులో ఉన్నది డిసెంబరు 4. పక్కనే "బృహస్పతిబార్" అని వారం కూడా రాశారు, అంటే గురువారం. భోజనం సాయంత్రం 7 నుంచి. టికెట్ 8వ తేదీకి తీసి ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు దాన్ని మార్చుకో.

ఇంగ్లీషు తేదీకి పైన ఉన్నది బంగ్లా తేదీ: అగ్రహాయణ మాసం, 1432. అది వాళ్ల సంవత్సరం, బంగాబ్దం. ఏప్రిల్ మధ్యలో పొయిలా బైశాఖ్‌తో మొదలవుతుంది. వాళ్ల నెలలు సూర్యుణ్ని బట్టి నడుస్తాయి కాబట్టి మన పంచాంగంతో పోల్చి చూడకు, కుదరదు. అగ్రహాయణం పెళ్లిళ్ల నెల. దాని తర్వాత వచ్చే పౌషంలో పెళ్లిళ్లు చెయ్యరు. అవి ఇంచుమించు మన ధనుర్మాసం రోజులే. అందుకే డిసెంబరు మొదట్లో అక్కడ కళ్యాణమండపాలు దొరకడం కష్టం.

ఇక మొదటి ఫోటో. కవరు మీద సీతాకోకచిలుక ఎందుకుందని అడిగావు. మనం వినాయకుణ్ని వేసే చోట వాళ్లు దాన్ని వేస్తారు. పెళ్లిళ్లు కుదిర్చే దేవుడు ప్రజాపతి అని వాళ్ల నమ్మకం, బంగ్లాలో సీతాకోకచిలుకనీ ప్రజాపతి అనే అంటారు. దాని కింద ఎర్ర అక్షరాల్లో ఉన్నది "శ్రీ శ్రీ ప్రజాపతయే నమః". మన కార్డుల్లో "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" ఉన్నట్టే అది. పక్కన పల్లకీ, శంఖం, కొబ్బరికాయ పెట్టిన మంగళ కలశం ఉన్నాయి. చుట్టూ ఉన్న తెల్లటి తీగల ముగ్గు ఆల్పనా. వాళ్లు బియ్యప్పిండిని నీళ్లలో జారుగా కలిపి వేలితో నేల మీద వేస్తారు. పెళ్లింటి గుమ్మం దగ్గర నిజం ఆల్పనా కనిపిస్తుంది, తొక్కకుండా పక్కనుంచి నడువు. కవరు మూలన ఉన్న పసుపు, ఎరుపు మరకని ప్రింటింగ్ తప్పనుకున్నావు. అది పసుపు, సిందూరం, ఇంట్లో పెద్దవాళ్లు చేత్తో పెట్టింది. మన శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాస్తాం కదా, అదే మర్యాద.

లోపలి పేజీ కాస్త ఓపిగ్గా చదవాలి. అది ఇప్పుడు మాట్లాడే బంగ్లా కాదు, పాతకాలపు గ్రాంథికం. కార్డులు ఇప్పటికీ ఆ భాషలోనే అచ్చు వేయించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకది బాగుంటుంది. "సవినయ నివేదన్" అని మొదలవుతుంది, ఆ తర్వాత "మహాశయ్, మహాశయా" అని నిన్నే పిలుస్తున్నారు. సారాంశం ఇది: "నా పెద్దమ్మాయి కల్యాణీయా మౌమితకీ, హౌరా వాస్తవ్యులు శ్రీ బసుగారి ఏకైక కుమారుడు కల్యాణీయ అనిర్బాన్‌కీ శుభవివాహం జరుగుతుంది. తమరు సపరివారంగా వచ్చి, నవదంపతులను ఆశీర్వదించి, ప్రీతిభోజంలో పాల్గొని నన్ను కృతార్థుణ్ని చేయండి." మనం పిల్లల పేర్ల ముందు చి., చి.ల.సౌ. అని రాసే చోట వాళ్లు కల్యాణీయ, కల్యాణీయా అని రాస్తారు.

మౌమిత తాతగారి పేరు ముందు చంద్రబిందువు లాంటి గుర్తు ఒకటి ఉంది, నువ్వు దాన్ని రౌండ్ చేసి పంపావు. ఆయన కాలం చేశారని దానర్థం. మన కీ.శే. లాంటిది. వాళ్ల నాన్నగారితో మాట్లాడేటప్పుడు "తాతగారు కూడా పెళ్లికి వస్తున్నారా?" అని నోరు జారకుండా ముందే తెలిసింది, మంచిదైంది.

ఇప్పుడు కింద చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం. దాన్ని నువ్వు అడగనే లేదు, నాకు మాత్రం కార్డు మొత్తంలో ముఖ్యమైంది అదే: "పత్ర ద్వారా నిమంత్రణేర్ త్రుటి మార్జనీయ". ఉత్తరం ద్వారా పిలుస్తున్నందుకు మమ్మల్ని క్షమించండి అని. పెళ్లికి పిలవడమంటే ఇంటికొచ్చి పిలవాలి, కార్డు పంపడం లోపమే అని వాళ్ల లెక్క. మన దగ్గరా బొట్టు పెట్టి పిలిస్తేనే పిలుపు. కాకపోతే మనం పిలవలేకపోయినందుకు, దీన్నే వ్యక్తిగత ఆహ్వానంగా భావించమంటాం, వాళ్లు క్షమించమంటారు. ప్రతి కార్డులోనూ అచ్చయ్యే మాటే కదా అని తీసిపారేయకు. మౌమిత వాళ్ల నాన్నగారు హైదరాబాద్ ఫోన్ చేసి నీతో ఐదు నిమిషాలు మాట్లాడారని చెప్పావు చూడు, ఆ లోపం పూడ్చడానికే చేశారు ఆయన. నువ్వు "చూస్తానంకుల్" అన్నావట. మళ్లీ నువ్వే ఫోన్ చేసి వస్తున్నానని గట్టిగా చెప్పు. చివర "ఇతి", దాని కింద "వినీత", ఆయన పేరు తపన్ కుమార్ దత్త.

ఇంకో సంగతి. ఇది పెళ్లికూతురి వైపు కార్డు. బెంగాలీల్లో రెండు వైపులా వేర్వేరు కార్డులు వేస్తారు, వేర్వేరు రోజులకి పిలుస్తారు. పెళ్లి ఆడపిల్లవారిది. 6న శనివారం హౌరాలో జరిగే బౌ భాత్ మగపెళ్లివారిది, ఆ కార్డు అనిర్బాన్ వాళ్ల నాన్నగారి పేరు మీద ఉంటుంది. కొత్త కోడలు మొదటిసారి అత్తవారింట అందరికీ అన్నం వడ్డించే వేడుక అది, సాయంత్రం రిసెప్షన్. వాళ్లు విడిగా పిలిస్తే వెళ్లు, పిలవకపోతే ఆ రోజు కోల్‌కతా చూసుకో. ఇందులో చిన్నబుచ్చుకోవడానికేం లేదు.

మూడో ఫోటోలో ఉన్న కార్యక్రమాల పట్టికలో నీ పనికొచ్చేవి రెండే, అయినా అన్నీ చెప్తాను. తెల్లవారకముందు దధి మంగల్: పెళ్లికూతురికి పెరుగు, అటుకులు, మిఠాయి తినిపిస్తారు. ఆ తర్వాత రాత్రి పెళ్లయ్యేదాకా ఉపవాసం. అది ఇంట్లోవాళ్ల వేడుక. పొద్దున నాందీముఖ్, తండ్రి పితృదేవతలకి చేసే పూజ, మన నాంది లాంటిదే. దానికీ నువ్వు ఉండక్కర్లేదు.

గాయే హోలుద్‌కి మాత్రం తప్పకుండా వెళ్లు. మౌమిత పిలిచింది కూడా అన్నావు. ముందు పెళ్లికొడుకుకి అతని ఇంట్లో పసుపు రాస్తారు, ఆ పసుపులో కొంత పెళ్లికూతురి ఇంటికి వస్తుంది, దాంతోనే ఆమెకి రాస్తారు. పసుపుతో పాటు పళ్లేలకి పళ్లేలు తత్వ వస్తుంది: చీరలు, మిఠాయిలు, సబ్బులు, అత్తర్లు, వాటన్నిటి మధ్యలో చీర కట్టి, ముక్కుపుడక పెట్టిన పెద్ద రోహు చేప! చూసి కంగారు పడకు, ముఖం అస్సలు చిట్లించకు. నదుల దేశంలో చేప శుభం, మనకి పూర్ణకుంభం ఎలాగో వాళ్లకి అది అలాగ. పసుపు రంగు పాత చీర కట్టుకుని వెళ్లు, నీకూ పూస్తారు.

సాయంత్రం పెళ్లి. కార్డులో లగ్నం "రాత్రి 8:14 గతే, 10:30 మధ్యే" అని ఉంది. 8:14 దాటాక, 10:30 లోపల అని. మనలా ఒక్క నిమిషానికి ముహూర్తం పెట్టుకుని గడియారం చూస్తూ కూర్చోరు. అతిథులు 7 నుంచి వస్తూ ఉంటారు, పెళ్లికూతురి దగ్గరకెళ్లి కానుక ఇచ్చి, ఫోటో దిగి, భోంచేసి, చాలామంది తంతు చూడకుండానే వెళ్లిపోతారు. అక్కడ అది తప్పు కాదు. నువ్వు మాత్రం ఉండి చూడు. పెళ్లికూతుర్ని పీట మీద కూర్చోబెట్టి అన్నదమ్ములు ఎత్తుకుని తీసుకొస్తారు, ఆమె రెండు తమలపాకులతో ముఖం కప్పుకుని ఉంటుంది. అలాగే వరుడి చుట్టూ ఏడుసార్లు తిప్పుతారు, అది సాత్ పాక్. తర్వాత ఆకులు తీస్తుంది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు, అది శుభ దృష్టి. మనకి తెరసెల్లా తీసే క్షణం గుర్తొస్తుంది. శంఖాలు ఊదుతారు, ఆడవాళ్లంతా నాలుక ఆడిస్తూ ఉలు ధ్వని చేస్తారు. నీకు రాకపోతే పర్లేదు, చప్పట్లు మాత్రం కొట్టకు. ఆ పైన దండలు మార్చుకోవడం, సంప్రదాన్ అంటే కన్యాదానం, హోమం, చివరికి సిందూర్ దాన్.

మంగళసూత్రం కోసం ఎదురుచూస్తావేమో, బెంగాలీ పెళ్లిలో అది ఉండదు. తలంబ్రాలూ లేవు, నీ చేతికి అక్షింతలు ఇవ్వకపోతే మర్చిపోయారనుకోకు. వరుడు ఆమె పాపిట సిందూరం దిద్దడమే పెళ్లి. చేతికి తెల్లటి శంఖం గాజులు, పలా అనే ఎర్రటి గాజులు, ఇనుప గాజు, ఇవే ముత్తైదువ గుర్తులు. చాలా ఇళ్లలో తల్లి కూతురి పెళ్లి చూడదు. మౌమిత వాళ్లమ్మ మండపంలో కనిపించకపోతే ఎక్కడా అని అడగకు, లోపలికెళ్లి పలకరించు. ఆ ఆచారం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. ఈ మధ్య కొన్ని ఇళ్లలో తల్లులు కూర్చుని చూస్తున్నారు, చాలా సంతోషమేస్తుంది.

మర్నాడు అప్పగింతలు. అమ్మాయి వెనక్కి తిరక్కుండా గుప్పెడు బియ్యం తలమీదుగా తల్లి కొంగులోకి విసిరి, నీ రుణం తీర్చేశాను అంటుంది, అది కనకాంజలి. తల్లి రుణం బియ్యంతో తీరుతుందా అని ఇప్పటి అమ్మాయిలు కొందరు ఆ మాట అనడం మానేశారు, వాళ్లదే న్యాయం. ఆ రాత్రి కాల్ రాత్రి, కొత్త జంట ఒకరినొకరు చూసుకోకూడదు. కాబట్టి ఆ రోజు మౌమితకి వీడియో కాల్ చేసి ఇద్దర్నీ కలిపి చూపించమని అడగకు.

భోజనం సంగతి: పెళ్లిరోజునే చేప, మటన్ వడ్డిస్తారు. నువ్వు గురువారం తినవు కదా, ముందే మౌమితకి చెప్పు, విడిగా ఏర్పాటు చేస్తారు. మైదా పూరీల్లాంటి లూచీలు, శనగపప్పు, పులావ్, పనీర్ కూర ఉంటాయి, ఆకలితో ఏమీ లేవవు. టమాటా చట్నీ చివర్లో వస్తుంది, తియ్యగా ఉంటుంది. పచ్చడి అనుకుని అన్నం కోసం చూడకు, అప్పడంతో నంజుకోవడమే. తర్వాత తియ్యటి పెరుగు మిష్టి దోయి, సందేశ్ మిఠాయి, పాన్.

తెల్లచీర కట్టుకోకు. ఎర్ర బెనారసీ పెళ్లికూతురిది, నీ దగ్గరున్న ఆకుపచ్చ ఉప్పాడ పట్టు చక్కగా సరిపోతుంది. కార్డులో "కానుకలు వద్దు, ఆశీర్వాదమే కావాలి" అన్న వాక్యం ఎక్కడా లేదు, కాబట్టి కవర్లో డబ్బు పెట్టి ఇవ్వొచ్చు, రూపాయి బిళ్ల కలిపి ఇవ్వు. కవరు మీద పేరు రాయి, లోపల పద్దు రాసేవాళ్లుంటారు.

ఫలక్‌నుమాలో వస్తే ఖరగ్‌పూర్‌లో దిగి 3వ తేదీ మా ఇంట్లో ఉండు. మర్నాడు పొద్దున్నే హౌరా వెళ్లి బ్యాండెల్ లోకల్ ఎక్కితే చందన్‌నగర్‌లో దిగొచ్చు. మండపం స్టేషన్‌కి దగ్గరే, ఆ మసక మూలలో రాసుంది అదే. బాబాయి స్టేషన్‌కి వస్తారు. కోచ్ నంబర్ పంపు.

మీ పిన్ని