పూర్వ విద్యార్థుల డైరెక్టరీలో డాక్టర్లు, లాయర్లు, చార్టర్డ్ అకౌంటెంట్ల ప్రొఫైల్ నియమాలు

(2025 ఆగస్టు 15 నుంచి అమలు. తెనాలిలో మన హైస్కూలులో చదివి, ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నా ఈ మూడు వృత్తుల్లో ఉన్నవారందరికీ వర్తిస్తాయి.)

మన డైరెక్టరీ మొదటి కూర్పులో ఒక తప్పు జరిగింది. మన బ్యాచ్‌మేట్ల మీద అభిమానంతో కమిటీ వాళ్లమే వాళ్ల ప్రొఫైళ్లకు మెరుగులు దిద్దాం. ఒక డాక్టరు గారి పేరు పక్కన "జిల్లాలోనే నంబర్ వన్" అని, ఒక లాయరు గారి పేరు కింద "ఆయన చేపట్టిన కేసు ఓడిపోదు" అని రాశాం. వాళ్లిద్దరూ అడిగింది కాదు, వాళ్లకు తెలిసింది కూడా కాదు. లాయరు గారు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "ఇది నేనే రాయించుకున్నానని ఎవరైనా బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది నేనే కదా" అన్నారు. ఆయన గొంతులోని టెన్షన్ విన్నాక ఆ రాత్రే రెండు ప్రొఫైళ్లూ తీసేశాం. మనం పొగిడినా, జవాబు చెప్పాల్సింది వాళ్లే. అందుకే ఈ నియమాలు రాశాం.

ఇంజనీరు, వ్యాపారి, టీచరు, రైతు తమ పని గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు. ఈ మూడు వృత్తులకు చట్టమే హద్దులు గీసింది. జబ్బుతో వచ్చినవాడు, కేసులో ఇరుక్కున్నవాడు, పన్ను నోటీసు చేతపట్టుకుని వచ్చినవాడు భయంలో ఉంటారు. ఆ భయం మీద ప్రకటన బాగా పనిచేస్తుంది. హద్దుల వెనుక కారణం అదేనని మేం నమ్ముతున్నాం.

అందరికీ వర్తించేవి

ప్రతి సభ్యుడి పేజీలో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది బడి భాగం. బ్యాచ్, ఫొటో, అప్పటి జ్ఞాపకాలు, ఇప్పుడు ఉంటున్న ఊరు, బడికి చేసిన సాయం అందులో రాసుకోండి, అక్కడ మీ మాటలు మీవి. రెండోది వృత్తి భాగం. అందులో ఫొటో ఉండదు, విశేషణం ఉండదు, చూసినవారి కామెంట్లు, స్టార్లు, లైకులు ఉండవు. బడి భాగంలో కూడా వృత్తి గురించిన పొగడ్తను పక్కదారిన రానివ్వం.

పేర్లు అక్షర క్రమంలోనే ఉంటాయి. డబ్బు కట్టి పైకి రావడం లేదు. "టాప్ డాక్టర్లు", "మన ఉత్తమ లాయర్లు" లాంటి పేజీలు పెట్టం. డైరెక్టరీ ద్వారా రోగి గానీ క్లయింటు గానీ వచ్చారని సంఘం ఎవరి దగ్గరా పైసా తీసుకోదు, విరాళం పేరుతో కూడా. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, దళారుల ద్వారా కేసులు తెచ్చుకోవడం, సీఏ కానివాడితో ఆడిట్ ఫీజు పంచుకోవడం ఆయా వృత్తుల్లో తప్పే. మంచి ఉద్దేశంతో చేసినా ఆ గీత దాటినట్టే.

పేరుకు ముందు "పద్మశ్రీ" లాంటి జాతీయ పురస్కారం పెట్టం. వాటిని పేరుకు ముందో వెనుకో తగిలించకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. బడి భాగంలో, పురస్కారం పొందిన సంవత్సరంతో రాస్తాం. ఊరూపేరూ లేని సంస్థలు ఇచ్చే "రత్న", "శిరోమణి" బిరుదులు ఏ భాగంలోనూ ఉండవు.

డాక్టర్లు

మన దేశంలో అల్లోపతి డాక్టర్లకు 2002 నాటి వృత్తి ప్రవర్తన నిబంధనలే ఇప్పటికీ ఆధారం. నేషనల్ మెడికల్ కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చి, అదే నెలలో నిలిపివేసి, పాతవాటినే అమలులో ఉంచింది. వాటి ప్రకారం డాక్టరు తన పేరును ఏ రకమైన ప్రచారానికీ వాడుకోకూడదు. బోర్డు మీద కూడా పేరు, విశ్వవిద్యాలయం లేదా చట్టబద్ధ సంస్థ ఇచ్చిన అర్హతలు, స్పెషాలిటీ, రిజిస్ట్రేషన్ నంబరు, ఏ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో నమోదయ్యారో ఉంటే చాలు. మన వృత్తి భాగానికీ అదే కొలత. దానికి పనిచేసే చోటు, చూసే వేళలు, ఫోను నంబరు కలుపుతాం. కన్సల్టేషన్ ఫీజు చెప్పుకోవచ్చు, దానికి నిబంధనల్లోనే వెసులుబాటు ఉంది.

స్పెషలిస్టు అనే మాట దగ్గరే ఎక్కువ వాదన వస్తుంది. ఆ శాఖలో ప్రత్యేక అర్హత ఉన్నవారే ఆ మాట వాడాలి. ఎం.బి.బి.ఎస్. చేసి ఇరవై ఏళ్లుగా షుగర్ రోగులను చూస్తున్న మన సభ్యులున్నారు. వాళ్ల అనుభవం మీద మాకు ఎంతో గౌరవం ఉంది. అయినా "షుగర్ స్పెషలిస్ట్" అని రాయలేం. మొదట వచ్చిన ఒక వాక్యం, మేం మార్చిన తీరు ఇవీ:

పంపినది: "మధుమేహాన్ని మూలం నుంచి తీసేసే ప్రఖ్యాత షుగర్ స్పెషలిస్ట్, వేలాది మందికి కొత్త జీవితం."

వేసినది: "ఎం.బి.బి.ఎస్. జనరల్ ప్రాక్టీసు. షుగర్, బీపీ రోగులను చూస్తారు. సోమవారం నుంచి శనివారం వరకు, సాయంత్రం 5 నుంచి 9."

పంపిన వాక్యంలో ఇంకా పెద్ద చిక్కు ఉంది. మధుమేహం, క్యాన్సర్, మూర్ఛ వంటి జబ్బులు నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నాటి చట్టం చెబుతోంది. అందుకని "నయం చేస్తాం", "ఆపరేషన్ లేకుండానే", "నూటికి నూరు శాతం" అనే మాటలు కనిపిస్తే ఆ ప్రొఫైల్ ఆగిపోతుంది. రోగి ఫొటో, రోగి రాసిన కృతజ్ఞతలు, ఆపరేషన్‌కు ముందు తర్వాత చిత్రాలు, రోగి ఒప్పుకున్నా సరే, మేం వేయం. స్కానింగ్ సెంటర్లున్న సభ్యులు గర్భస్థ శిశువు లింగం తెలిపే సూచన కనీసం దూరంగా కూడా చేయకూడదు. అలాంటి ప్రకటనను 1994 చట్టం నేరంగా చూస్తుంది.

ఆసుపత్రి ఉన్నవారు ఆసుపత్రి పేరు, ఎలాంటి రోగులను చేర్చుకుంటారు, సదుపాయాలు, ఫీజులు రాయవచ్చు. అంతకు మించి వద్దు. బడి ఆవరణలో ఏటా జరిగే ఉచిత వైద్య శిబిరం పోస్టరులో చోటు, సమయం, చేసే పరీక్షలు ఉంటాయి. డాక్టర్ల పేర్లు, ముఖాలు ఉండవు. ఇది చట్టం చెప్పింది కాదు, మేం పెట్టుకున్న నియమం. ఒకరి పేరు పెద్దక్షరాల్లో, మరొకరిది చిన్నక్షరాల్లో వేసి మనసులు నొప్పించడం కూడా మాకు ఇష్టం లేదు.

దంత వైద్యులు, ఆయుర్వేద, హోమియో వైద్యులు తమ కౌన్సిల్ పేరు, నంబరు రాయాలి. మిగతావన్నీ ఇవే.

లాయర్లు

అందరికంటే కఠినమైన హద్దు వీరిది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 36వది నేరుగా గానీ పరోక్షంగా గానీ పని అడగడాన్ని, ప్రకటన ఇవ్వడాన్ని నిషేధిస్తుంది. తాము వాదించిన కేసుల గురించి పత్రికల్లో వ్యాఖ్యలు రాయించుకోవడం, ఫొటోలు వేయించుకోవడం కూడా అందులోకే వస్తాయి. 2008లో వెబ్‌సైటు కోసం ఒక సడలింపు వచ్చింది. పేరు, చిరునామా, ఫోను, ఈమెయిల్, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, తేదీ, రాష్ట్ర బార్ కౌన్సిల్, సభ్యత్వం ఉన్న బార్ అసోసియేషన్, చదువులు, ప్రాక్టీసు చేసే రంగాలు చెప్పవచ్చు. మన లాయర్ల వృత్తి భాగంలో ఇవి తప్ప ఒక్క అక్షరం అదనంగా ఉండదు. ఆ సడలింపు లాయరు తన సైటులో, బార్ కౌన్సిల్‌కు తెలియజేసి పెట్టుకునే వివరాల కోసం ఇచ్చింది. మన డైరెక్టరీలో అవే పెట్టినా బార్ కౌన్సిల్ అనుమతి వచ్చినట్టు కాదు. కాబట్టి పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు మాత్రం చాలనుకునే లాయర్లకు మా మద్దతు ఉంటుంది.

2024 జులైలో మద్రాసు హైకోర్టు, లాయర్ల సేవలను ఆన్‌లైన్‌లో సరుకులా పెట్టి రేటింగులు ఇచ్చే సైట్ల మీద గట్టిగా మాట్లాడింది. ఆ తర్వాత బార్ కౌన్సిల్ కూడా రాష్ట్ర కౌన్సిళ్లను కదిలించింది. అందుకే లాయర్ల పేజీలో "ఇప్పుడే మాట్లాడండి", "అపాయింట్‌మెంట్ తీసుకోండి" అనే బటన్లు పెట్టలేదు. ఫీజు రాయం. "మొదటి సలహా ఉచితం" అన్నదీ ఆకర్షించే మాటే, దాన్నీ వదిలేశాం.

"సివిల్, కుటుంబ వివాదాలు" అని రంగం చెప్పవచ్చు. "విడాకుల కేసుల స్పెషలిస్ట్" అనకూడదు. గెలిచిన కేసులు, క్లయింట్ల పేర్లు, ఫలానా నాయకుడి తరఫున హాజరయ్యారన్నది అసలే వద్దు. బార్ అసోసియేషన్ సభ్యులని రాస్తాం, మాజీ అధ్యక్షులని రాయం. మాజీ న్యాయమూర్తి అన్న హోదా కూడా వృత్తి భాగంలో ఉండదు. ఆ గౌరవం బడి భాగంలో ఒక వాక్యంగా ఉంటుంది, ప్రాక్టీసు మాట లేకుండా.

సీనియర్ అడ్వకేట్‌గా హైకోర్టో, సుప్రీంకోర్టో గుర్తించినవారు క్లయింటు నుంచి నేరుగా కేసు తీసుకోరు, వకాల్తా వేయరు. వారి వృత్తి భాగంలో ఫోను నంబరు ఇవ్వం. కంపెనీలో పూర్తికాలం జీతానికి పనిచేసేవారు "అడ్వకేట్" అని కాకుండా "న్యాయ విభాగంలో ఉద్యోగం" అని రాయాలి. లా చదివి ఎన్‌రోల్ కానివారు తమ డిగ్రీని బడి భాగంలో చెప్పుకోవచ్చు.

చార్టర్డ్ అకౌంటెంట్లు

1949 చట్టంలోని మొదటి షెడ్యూలు ప్రకటనను, పని అడగడాన్ని వృత్తి దుష్ప్రవర్తనగా చూస్తుంది. 2006 సవరణతో, ఇన్‌స్టిట్యూట్ కౌన్సిల్ ఇచ్చిన మార్గదర్శకాలకు లోబడి, తమ సేవల గురించి క్లుప్తంగా చెప్పుకునే వీలు వచ్చింది. ఆ వీలు మేరకే వృత్తి భాగం ఉంటుంది: పేరు, సభ్యత్వ సంఖ్య, ఫర్మ్ పేరు, ఫర్మ్ రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా, చేసే సేవలు. తోటి సభ్యుల కంటే తాము మిన్న అన్న అర్థం ఎక్కడా రాకూడదు. క్లయింట్ల పేర్లు, "ఇంత పన్ను ఆదా చేయించాం" అన్న లెక్కలు, రీఫండులో శాతం తీసుకుంటామన్న మాటలు తీసేస్తాం. వెబ్‌లో సమాచారం వెతుక్కుంటూ వచ్చినవారికి కనిపించాలి, మనం తోసి పంపకూడదు. కాబట్టి రిటర్నుల సీజనులో ఎవరి ప్రొఫైల్ లింకూ మన వాట్సాప్ గ్రూపుల్లో పంపకండి.

టాక్స్ కన్సల్టెంట్లుగా, అకౌంటెంట్లుగా పనిచేస్తున్న సభ్యులు చాలామంది ఉన్నారు. వాళ్ల పని గౌరవమైనదే. కానీ "సీఏ" అనే అక్షరాలు ఇన్‌స్టిట్యూట్ సభ్యులవే. సీఏ కోర్సులో ఇంటర్ దశ పాసైన వారు "సీఏ ఇంటర్" అని కూడా పేరు పక్కన పెట్టవద్దు, చదువుల వరుసలో రాయండి.

విదేశాల్లో ఉన్నవారు

అమెరికాలో లాయర్ల ప్రకటనలకు సుప్రీంకోర్టు 1977లోనే దారి ఇచ్చింది. అక్కడి మన సభ్యులకు అక్కడి పద్ధతి అలవాటు. ఇది తెలుగు ఊరి డైరెక్టరీ, చదివేది ఇక్కడివాళ్లు కూడా. అందుకని అందరికీ ఇవే నియమాలు. లైసెన్సు ఏ దేశానిది, ఏ రాష్ట్రానిది అన్నది తప్పక రాయాలి. డల్లాస్‌లో అటార్నీ అయినవారు భారతదేశంలో కేసు తీసుకోగలరన్న భ్రమ ఎవరికీ కలగకూడదు.

పరిశీలన, మార్పులు

ప్రతి ప్రొఫైల్‌ను ఇద్దరు కమిటీ సభ్యులు చూస్తారు. వారిలో ఒకరు ఆ వృత్తివారు కాకుండా ఉంటారు. నంబరును సంబంధిత కౌన్సిల్ లేదా ఇన్‌స్టిట్యూట్ జాబితాతో సరిచూస్తాం. "ఇందులోని ప్రతి అక్షరం నిజం, నా అనుమతితోనే వేశారు" అన్న ఈమెయిల్ వచ్చాకే పేజీ కనిపిస్తుంది. తీసేయమని సభ్యుడు అడిగితే కారణం అడగకుండా 24 గంటల్లో తీసేస్తాం. ఎవరైనా తప్పు చూపిస్తే ముందు పేజీ దాచి, తర్వాత విచారిస్తాం. ఏ కౌన్సిల్ అయినా నియమం మారిస్తే, మన పత్రం దిద్దే లోపు కూడా కొత్త నియమమే చెల్లుతుంది.

పాత కూర్పులోని వృత్తి భాగాలన్నీ ఈ రోజు నుంచి దాచి ఉంచాం. కొత్త వివరాలు సెప్టెంబరు 30 లోపు మీ బ్యాచ్ ప్రతినిధికి పంపండి. ఆ లోపు రానివారి పేజీలో బడి భాగం మాత్రమే కనిపిస్తుంది.