క్రౌచ్ స్టార్ట్: ఈ పది రోజులూ పిల్లలతో ఏం చేయించాలంటే

మేడమ్ గారికి,

నేను సెలవులో ఉన్నన్నాళ్ళూ సాయంత్రం స్ప్రింట్ పిల్లల్ని చూస్తానన్నారు, చాలా థాంక్సండి. వచ్చే నెలలో మండలం ఆటలు. మన పిల్లలకి పరుగు వచ్చు, మొదలుపెట్టే గీత దగ్గరే వెనకబడిపోతున్నారు. చప్పట్లు వినగానే తటాలున నిటారుగా లేచి నిలబడి, అప్పుడు పరిగెడుతున్నారు. అందుకని ఈ పది రోజులూ క్రౌచ్ స్టార్ట్, అంటే వంగి చేతులు నేలకి ఆనించి పరుగు మొదలుపెట్టడం, అదొక్కటే చేయించండి. 800 మీటర్ల వాళ్ళు నిలబడే మొదలుపెడతారు కాబట్టి వాళ్ళని ఇందులో కలపొద్దు.

వామప్ మామూలే, పదిహేను నిమిషాలు.

మొదటి రెండు రోజులూ ఎవరూ కిందకి వంగక్కర్లేదు. పాదాలు రెండూ కలిపి నిలబడి, నడుం విరవకుండా ఒళ్ళంతా ముందుకి వాల్చమనండి. ఇక పడిపోతామనగా కాలు వేసి పది మీటర్లు పరిగెత్తాలి. తర్వాత జోడీలుగా నిలబెట్టండి. ఒకరు ఎదురుగా నిలబడి భుజాలు పట్టుకుని ఆపుతుంటే రెండోవాళ్ళు పది అడుగులు తోసుకుంటూ వెళ్ళాలి. అప్పుడు నేననే మాట ఒక్కటే: "బురదలో దిగిన ఆటోని తోస్తున్నావురా!" వానాకాలంలో ఆ పని చెయ్యని పిల్లాడు మన ఊళ్ళో లేడు కదా, వెంటనే అందుకుంటారు.

మూడో రోజు నుంచి ఒక చెయ్యి నేలకి ఆనించి స్టార్ట్. అది కుదిరాకే రెండు చేతులూ. తొందరపడి ముందే రెండు చేతులూ ఆనిస్తే మళ్ళీ పాత అలవాటుకే పోతారు.

ఏ కాలు ముందు అని అడుగుతారు. లాంగ్ జంప్‌లో ఏ కాలితో ఎగురుతారో అది ముందు పెట్టి చూడండి, కుదరకపోతే మార్చండి. గీత నుంచి ముందు పాదం వాళ్ళ పాదాల కొలతలో రెండు, వెనకది మూడు. పొడుగు పిల్లలకి కాస్త అటూ ఇటూ అవుతుంది.

పాదాలు ఆనించి తోసుకోడానికి మనకి బ్లాకులు లేవు కదా, తాపీతో చిన్న గోతులు తవ్వించండి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో అమెరికా పరుగువీరుడు జెస్సీ ఓవెన్స్ కూడా తాపీతో ట్రాక్ మీద గోతులు తవ్వుకునే పరిగెత్తాడని చెప్పండి, నామోషీ పోతుంది. వాన పడి గోతులు జారిపోతుంటే ఇంకో పిల్లని వెనక కూర్చోబెట్టి పాదాలు నిలబెట్టి ఆనించమనండి. పరిగెత్తే పిల్ల స్పైక్స్, అంటే అడుగున మేకులున్న బూట్లు, వేసుకుంటే మాత్రం అలా వద్దు.

"ఆన్ యువర్ మార్క్స్" అనగానే వెనక మోకాలు నేలమీద, చేతులు గీతకి వెనక, భుజాలకన్నా కొంచెం ఎడంగా. బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్ళు ఒకవైపు, మధ్యలో వంతెనలా ఖాళీ. అరచెయ్యి నేలకి తగలకూడదు.

"సెట్" అంటే నడుం భుజాలకన్నా కొంచెం పైకి లేవాలి, భుజాలు చేతులకి కాస్త ముందుకి రావాలి. ముందు మోకాలు దాదాపు లంబకోణం, వెనకది 120–130 డిగ్రీలు. లెక్కల మేడమ్ మీరు, కోణమానిని లేకుండానే చెప్పేస్తారు. బరువు చేతుల మీదకి వచ్చిందో లేదో తెలియాలంటే ఒకసారి సెట్‌లో ఉండగా చేతులు ఎత్తమనండి. ముందుకి తూలాలి. తూలకపోతే వెనక్కి కూర్చున్నట్టే.

ఎనిమిదో తరగతి పొట్టివాడొకడు సెట్‌లో గెడ్డం ఎత్తి ఫినిష్ వైపు చూస్తాడు. తల లేచిన మరుక్షణం నడుం కిందకి జారుతుంది. తిట్టి లాభం లేదండి, నేనూ నెల్లాళ్ళు తిట్టాను. చేతుల మధ్య ఒక చింతగింజ పెట్టి దాన్నే చూడమన్నాను, అంతే, తల దిగింది. ఇప్పుడు గింజ లేకుండా చేయించాలి, అది మీ చేతిలో ఉంది.

సెట్‌కీ చప్పట్లకీ మధ్య ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఆగండి. ఒకేలా కొడితే లెక్కపెట్టుకుని ముందే దూకేస్తారు. అలా దూకినవాళ్ళని ఆ విడత పక్కన కూర్చోబెట్టండి. 2011లో దక్షిణ కొరియాలోని దేగులో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల 100 మీటర్ల ఫైనల్‌లో ఉసేన్ బోల్ట్ అంతటివాడినే ఫాల్స్ స్టార్ట్‌కి బయటికి పంపేశారు, మనమెంత!

చప్పట్లు కొట్టాక "తొయ్యి" అన్న మాట తప్ప ఇంకేమీ అరవొద్దు. మొదటి అడుగులు పొట్టిగా, నేలని వెనక్కి తోస్తున్నట్టు పడాలి. తల మెల్లగా, ఒంటితో పాటే లేవాలి. తప్పులు నాలుగు కనిపించినా ఒక్కటే చెప్పండి. మిగతావి మర్నాటికి.

రోజుకి ఒక్కొక్కరికి ఆరు నుంచి ఎనిమిది స్టార్ట్‌లు, పది ఇరవై మీటర్ల చొప్పున చాలు. మధ్యలో రెండు మూడు నిమిషాలు ఆగాలి. కాళ్ళు బరువెక్కినట్టు కనిపిస్తే ఆ రోజుకి ఆపేయండి, అలసిపోయాక నేర్చుకునేది తప్పు స్టార్టే.

తాపీ స్టాఫ్ రూమ్ బీరువా వెనక ఉంది. వెళ్ళేముందు గోతులు పూడ్పించండి. పొద్దున్నే కాలవ గట్టు దిగి గేదెలు ఆ గ్రౌండ్ మీదుగానే పోతాయి.